మావయ్య విన్నాక మారిన ఉత్తరం

మాది గోపాల్‌పూర్ పక్కన ఒడ్డునే ఉన్న జాలరుల పేట. ఇళ్లలో అంతా తెలుగే. బళ్లో ఒడియా చదివాను, ఇప్పుడు బరంపురంలో అయిదేళ్ల లా కోర్సు ఆఖరి ఏడాదిలో ఇంగ్లీషులో చదువుతున్నాను. ఈ శీతాకాలం నేను జర్మనీలోని హాంబర్గ్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కి ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టాను. దరఖాస్తులో ఫారం, మార్కుల లిస్టులు, రాసిన పరిశోధన నుంచి కొన్ని పేజీలు కూడా పంపాను. అవి తయారు చేయడానికి వారం పట్టింది. వాటితో పాటు పంపిన ఒక పేజీ ఉత్తరానికి మాత్రం నెల పైనే పట్టింది. ఆ ఉత్తరం ఎలా తయారైందో రాస్తున్నాను.

ముందు ఆ ట్రిబ్యునల్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. సముద్రం మీద ఏ దేశానికి ఎంతవరకు హక్కు ఉంటుందో చెప్పే ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1982లో కుదిరింది, 1994లో అమల్లోకి వచ్చింది. మన దేశం 1995లో అందులో చేరింది. ఆ ఒప్పందం మీద వచ్చే తగాదాలు వినడానికి పెట్టినదే ఈ ట్రిబ్యునల్. 1996లో పని మొదలుపెట్టింది, 21 మంది న్యాయమూర్తులు ఉంటారు. ఇంటర్న్‌లను మూడేసి నెలల చొప్పున, ఏడాదికి నాలుగు విడతలుగా తీసుకుంటారు. జీతం ఉండదు. అభివృద్ధి చెందుతున్న దేశాల నుంచి వచ్చేవాళ్లకు ఖర్చులకు సాయం చేసే ట్రస్ట్ ఫండ్ ఉంది. అది లేకపోతే నేను ఆ ఫారం తెరిచేదాన్ని కూడా కాదు.

మొదటి ఉత్తరం ఒక్క రాత్రిలో రాసేశాను. సముద్రం ఒడ్డున పుట్టాను కాబట్టి సముద్ర న్యాయం మీద చిన్నప్పటి నుంచీ ఆసక్తి అని మొదలుపెట్టాను. మన తెలుగువారైన పి. చంద్రశేఖరరావు గారు అక్కడ మొదటి నుంచీ చాలా ఏళ్లు న్యాయమూర్తిగా పని చేశారు, 1999 నుంచి 2002 దాకా అధ్యక్షుడిగా కూడా చేశారు. ఆయన్ని తలుచుకుంటూ ఒక పేరా రాశాను. బంగాళాఖాతంలో బంగ్లాదేశ్‌కీ మనకీ మధ్య సరిహద్దు గీసింది ఈ ట్రిబ్యునలే కాబట్టి ఇక్కడే పని నేర్చుకోవాలని ఉందని ఇంకో పేరా. న్యాయమూర్తుల పక్కన కూర్చుని తీర్పు ఎలా రాస్తారో చూడాలని ఉంది అని ముగించాను. చదువుకుంటే నాకే బాగుందనిపించింది.

మర్నాడు మా కాలేజీలో అంతర్జాతీయ న్యాయం చెప్పే మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ ఎర్ర పెన్ను తీయలేదు. మూడో పేరా మీద వేలు పెట్టి, "ఈ తీర్పు తేదీ ఎప్పుడు?" అని అడిగారు. 2014 జూలై 7 అన్నాను. "ఇచ్చింది ఎవరు?" అన్నారు. నేను నీళ్లు నమిలాను.

బంగ్లాదేశ్‌కీ మయన్మార్‌కీ మధ్య సరిహద్దును 2012 మార్చి 14న తేల్చింది హాంబర్గ్ ట్రిబ్యునల్. బంగ్లాదేశ్‌కీ మనకీ మధ్య సరిహద్దును తేల్చింది మాత్రం అదే ఒప్పందంలోని ఏడో అనుబంధం కింద, ఆ ఒక్క కేసు కోసం అయిదుగురితో ఏర్పాటైన మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్. సముద్రం ఒకటే, వాది దేశం ఒకటే, ఒప్పందం ఒకటే కాబట్టి రెండూ కలిపేసుకోవడం తేలిక. కానీ ఆ ఉత్తరం చదివేది ట్రిబ్యునల్ ఆఫీసు పనులు చూసే రిజిస్ట్రీలోని వాళ్లు. తాము ఇవ్వని తీర్పును మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాన్ని వాళ్లు ఆ పేరా దగ్గరే పక్కన పెట్టేస్తారు. ఇంటర్న్‌లు పని చేసేది కూడా న్యాయమూర్తుల పక్కన కాదు, రిజిస్ట్రీలో. లీగల్ ఆఫీసు, లైబ్రరీ, ప్రెస్ లాంటి విభాగాలు ఉంటాయి. అంటే నా చివరి పేరా కూడా తప్పే.

చంద్రశేఖరరావు గారి పేరా గురించి మేడమ్ చెప్పింది నాకు కొంచెం కష్టంగా అనిపించింది. "ఆయన గొప్పవారే. కానీ ఇది నీ ఉత్తరం. ఈ పేరాలో నీ గురించి ఏం ఉంది?" అన్నారు. ఆలోచిస్తే ఏమీ లేదు. తీసేశాను.

రెండో ఉత్తరంలో తప్పులు లేవు. కానీ విషయం కూడా లేదు. ఒప్పందంలోని భాగాల పేర్లు, నేను చదివిన పేపర్లు, లా విద్యార్థులు ఉత్తుత్తి కేసు వాదించే మూట్ కోర్టులో మాట్లాడిన సంగతి, అన్నీ వరసగా ఉన్నాయి. మేడమ్ చదివి, "బాగానే ఉంది" అన్నారు. ఆ మాట అన్న తీరులోనే బాగా లేదని తెలిసిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి మావయ్య మా వాకిట్లో కూర్చుని చిరిగిన వల సరిచేస్తున్నాడు. మా అమ్మకు తమ్ముడు. చేతిలో వల అల్లే సూది, కాలి బొటనవేలికి వల అంచు తగిలించుకుని లాగి పట్టుకున్నాడు. చూపు చేతుల మీదే ఉన్నా చెవులు మాత్రం ఇంట్లో జరిగేదంతా వింటాయి. "ఏటమ్మా, ఆ జర్మనీ కాయితం ఇచ్చేసినావా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. "ఏటి రాసినావో సదువు, ఇంటాను" అన్నాడు.

ఇంగ్లీషు ఉత్తరం చేతిలో పట్టుకుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అప్పుడే నాకు అసలు సంగతి అర్థమైంది. కొన్ని వాక్యాలు తెలుగులో చెప్పడానికి రావడం లేదు. 'అంతర్జాతీయ న్యాయ క్రమం పట్ల నా నిబద్ధత' అనే వాక్యాన్ని మావయ్యతో ఎలా చెప్పాలి? చెప్పినా ఆయనకు ఏం తెలుస్తుంది? 'విభిన్న సంస్కృతుల వాతావరణంలో పని చేయాలనే ఆకాంక్ష' కూడా అంతే. ఆయనకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు, ఆ వాక్యాల్లో చెప్పడానికి ఏమీ లేకపోవడం వల్ల. ఒక పేజీలో ఆయన తల ఊపుతూ విన్న వాక్యాలు రెండే రెండు. ఒకటి, ఒక దేశం తన సముద్రంలో పట్టుకున్న వేరే దేశపు పడవను సరైన పూచీకత్తు తీసుకుని త్వరగా వదిలేయాలనే సూత్రం. రెండోది, అలా వదలకపోతే కేసు ఈ ట్రిబ్యునల్ ముందుకు రావచ్చన్నది.

మావయ్య చేతిలో సూది ఆగింది. "అయితే ఆ కోర్టుకి మనం ఎల్లొచ్చా?" అని అడిగాడు.

ఆ ప్రశ్న ఆయన ఊరికే అడగలేదు. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం రుషికుల్య నది ముఖద్వారం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతటికీ వేట నిషేధం ఉండనే ఉంది. అందుకని మా పేట నుంచి చాలామంది మగవాళ్లు వేరే రేవులకు కూలికి పోతారు. మావయ్య గుజరాత్‌లోని వేరావల్‌లో ఆరు సీజన్లు కళాసీగా పని చేశాడు. బోటు ఆయనది కాదు, నడిపేది తండేలు, తీసుకునేది జీతం. 2018 నవంబరులో అదే తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వైపు జాలర్లను పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని వదిలారు. మధ్యలో ఏడాది పైనే. వాళ్లలో మావయ్యకు ముఖపరిచయం ఉన్నవాళ్లు ఉన్నారు. ఆ ఏడాది ఆయన అదే రేవులో ఉన్నాడు. ఆ సంవత్సరం మా అమ్మ ఫోను మోగితే చాలు, ఉలిక్కిపడేది.

మావయ్య ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను ఒప్పందం తీసి మళ్లీ చదవాల్సి వచ్చింది. జవాబు ఇది: మనం వెళ్లకూడదు. ఒప్పందంలోని 292వ అధికరణం ప్రకారం, పడవను విడిపించమని అడిగే హక్కు ఆ పడవ ఏ దేశపు జెండా కింద నమోదైందో ఆ దేశానికే ఉంటుంది. లేదా ఆ దేశం తరఫున, దాని అనుమతితో ఎవరైనా అడగొచ్చు. పట్టుకున్న రోజు నుంచి పది రోజుల్లోగా ఏ కోర్టుకు వెళ్లాలో రెండు దేశాలూ ఒప్పుకోకపోతే, కేసును హాంబర్గ్‌కి తీసుకెళ్లొచ్చు. జాలరి గానీ, అతని భార్య గానీ, బోటు యజమాని గానీ తమంతట తాము ఆ తలుపు తట్టలేరు.

"మరి గవర్నమెంటు అడగలేదా?" అన్నాడు.

ట్రిబ్యునల్ కేసుల పట్టికలో భారత్, పాకిస్తాన్‌ల మధ్య ఇలాంటి కేసు ఒక్కటీ లేదు. రెండు దేశాల మధ్య నడుస్తున్న పద్ధతి వేరు. 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఒకరి జైళ్లలో ఉన్న రెండోవాళ్ల ఖైదీల, జాలర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. మాటలు కుదిరినప్పుడు కొందరిని వదులుతారు. అది మావయ్యకు తెలుసు. జాబితాలో పేరు ఉందా లేదా అన్నదే అక్కడివాళ్లందరికీ ముందు కావాల్సిన కబురు.

ఆ రాత్రి రెండో ఉత్తరాన్ని పక్కన పడేశాను. మావయ్య అడిగిన ప్రశ్నతోనే కొత్తది మొదలుపెట్టాను. దాని రెండో పేరా తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

'నేను పెరిగిన ఊళ్లో మగవాళ్లు ఇతర రాష్ట్రాల రేవుల్లో పడవల మీద కూలికి పనిచేస్తారు. పడవ ఇంకో దేశపు అదుపులోకి వెళితే, దాన్ని విడిపించమని మీ ట్రిబ్యునల్‌ను అడిగే హక్కు వాళ్లకు లేదు, వాళ్ల దేశానికి ఉంది. 292వ అధికరణం కింద ఇప్పటిదాకా వచ్చిన కేసుల్లో ఎక్కువ పెద్ద ఓడలవి. చిన్న పడవ మీద పనిచేసే కూలీకి ఈ అధికరణం ఎంతవరకు అందుతుంది, ఎక్కడ అందకుండా పోతుంది అన్నది నేను చదవాలనుకుంటున్న ప్రశ్న.'

ఈ పేరా చదివాక మేడమ్ మొదటిసారి పెన్ను తీశారు. అంటే ఉత్తరం పని చేస్తోందని అర్థం. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "పడవ ఎక్కడ దొరికింది?"

ఇది నేను సరిగ్గా ఆలోచించని విషయం. పూచీకత్తు మీద త్వరగా వదలాలనే సూత్రం 73వ అధికరణంలో ఉంది. అది తీరానికి 200 నాటికల్ మైళ్ల దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల విషయంగా పట్టుకున్న పడవలకు వర్తిస్తుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు, అంటే సుమారు 22 కిలోమీటర్ల లోపు సముద్రం ఆ దేశపు నేల లాంటిదే. అక్కడ పట్టుకుంటే 73వ అధికరణం మీద నిలబడలేం. కాబట్టి పడవ 11 మైళ్ల దగ్గర దొరికిందా, 13 మైళ్ల దగ్గర దొరికిందా అన్నదాని మీద కేసు ఉంటుందా పోతుందా అన్నది ఆధారపడుతుంది. గుజరాత్ వైపు సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర రెండు దేశాల మధ్య గీతే ఇంకా తేలలేదు, అది ఇంకో చిక్కు.

మావయ్యను అడిగాను, అక్కడ ఎక్కడున్నామో మీకు ఎలా తెలిసేదని. ఇప్పుడు బోట్లలో జీపీఎస్ ఉంటుంది, అది తండేలు దగ్గర ఉంటుంది అన్నాడు. "మాకు బారలే నెక్క. తాడు ఇడిసి సూసుకుంటే ఇన్ని బారలు అని తెలుస్తాది. గీత ఎక్కడుందో తాడుకి ఏటి తెలుస్తాది?" అన్నాడు. పడవను పట్టుకున్నప్పుడు ఆ జీపీఎస్ పెట్టె కూడా వాళ్ల చేతిలోకే పోతుంది. ఎక్కడ ఉన్నామని చెప్పే ఒక్క సాక్ష్యం పట్టుకున్నవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఉత్తరంలో మూడో పేరా ఇదే అయింది.

పరిశోధన నమూనా కింద పంపడానికి కమూకో కేసు మీద రాసింది తీసుకున్నాను. ఆ కేసు చిన్నదే గానీ అధికరణం ఎలా పనిచేస్తుందో అందులో బాగా కనిపిస్తుంది. పనామా జెండా ఉన్న కమూకో అనే చేపల ఓడను 1999 సెప్టెంబరు 28న హిందూ మహాసముద్రం దక్షిణాన, క్రోజే దీవుల దగ్గర ఫ్రాన్స్ పట్టుకుంది. అనుమతి లేకుండా చేపలు పట్టారని ఆరోపణ. అక్కడి కోర్టు ఓడను వదలాలంటే 2 కోట్ల ఫ్రాంకులు పూచీకత్తు కట్టమంది. పనామా 2000 జనవరి 17న హాంబర్గ్‌లో దరఖాస్తు పెట్టింది. ఫిబ్రవరి 7న, అంటే మూడు వారాలకు తీర్పు వచ్చింది. ఓడ విలువ, ఆరోపణల తీవ్రత, చట్టం ప్రకారం పడగల శిక్ష ఇవన్నీ చూసి, 2 కోట్లు సబబు కాదు, 80 లక్షల ఫ్రాంకులు కడితే ఓడనూ కెప్టెన్‌నూ వదలాలని ట్రిబ్యునల్ చెప్పింది. ఓడవాళ్లు తప్పు చేశారా లేదా అన్నది తేల్చలేదు. అది ఫ్రాన్స్ కోర్టు పని. హాంబర్గ్ చూసేది పూచీకత్తు సబబేనా అన్నంతవరకే.

మావయ్యకు ఈ కేసు చెప్పినప్పుడు ఆయన పట్టుకున్నది డబ్బు అంకెను కాదు, మూడు వారాలను. "మూడు వారాలా?" అని రెండుసార్లు అడిగాడు.

తర్వాత నేను ఒక పొరపాటు చేయబోయాను. చేపల నేరానికి జైలు శిక్ష వేయకూడదని 73వ అధికరణం మూడో ఖండంలో ఉంది, దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. నాకది చాలా బలంగా అనిపించింది. జాలర్లను జైల్లో పెట్టారు కాబట్టి 292 కింద అదే వాదన చాలు అని ఉత్తరంలో రాశాను. కమూకో తీర్పునే మళ్లీ చదివితే అక్కడే దెబ్బతింది. మూడో ఖండం ఉల్లంఘన మీద చేసిన వాదనను ఈ త్వరిత విడుదల కేసులో వినలేమని ట్రిబ్యునల్ అందులోనే చెప్పింది. విడుదల, పూచీకత్తు గురించి చెప్పే రెండో ఖండం మీదే ఈ దారి నడుస్తుంది. నేను నమూనాగా పంపుతున్న తీర్పుకే విరుద్ధమైన వాక్యం ఉత్తరంలో ఉండబోయింది. ఆ రాత్రి చల్లటి చెమట పట్టింది. కోపంతో రాసిన వాక్యాన్ని మర్నాడు పొద్దున తీర్పు పక్కన పెట్టి చూడడం అప్పటి నుంచి అలవాటైంది.

నాలుగోసారి రాసింది దాదాపు పూర్తయ్యాక మళ్లీ మావయ్యకు చదివాను. ఈసారి ఆగకుండా తెలుగులో చెప్పగలిగాను. ఒక్క చోట ఆయన చెయ్యి ఎత్తాడు. 'సరిహద్దు దాటిన జాలర్లు' అని ఉంది అక్కడ.

"దాటినారు అనకు" అన్నాడు.

"మరి?"

"దాటడం అంటే తెలిసి దాటినట్టు. గాలి ఏస్తే బోటు పోతాది, నీటి వాటానికి పోతాది, ఇంజను ఆగితే పోతాది. తండేలు చేపల ఎనకాల ఎల్లినా, వల దగ్గరున్న కళాసీకి తెలీదు. నువ్వు దాటినారు అని రాసేస్తే మనమే ఒప్పుకున్నట్టు."

కోర్టు ముఖం చూడని మనిషి. అయిదేళ్లు లా చదివిన నాకు తోచని మాట చెప్పాడు. దాటారా లేదా అన్నదే తేలాల్సిన విషయం అయినప్పుడు, దాటారని నేనెలా రాస్తాను? 'అవతలి వైపు దొరికారని ఆరోపణ ఉన్న పడవలు' అని మార్చాను. మేడమ్ దగ్గరకు తీసుకెళితే ఆ మాట కింద గీత గీసి, "ఇది ఎవరు సరిచేశారు?" అని అడిగారు. చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఉత్తరంలో ఆయన గురించి ఒక్క వాక్యం ఉండనివ్వు. పేరు వద్దు, జాలి వద్దు. ఆయన ఏం పని చేస్తారో, నీకు ఏ ప్రశ్న ఇచ్చారో అంతే" అన్నారు.

డబ్బు గురించిన పేరా రాయడం అన్నిటికంటే కష్టమైంది. మా ఇంట్లో డబ్బు అడగడం అంటే తలవంపు. మొదట 'కుదిరితే కొంత సాయం చేయగలిగితే' అని నసుగుతూ రాశాను. మేడమ్ దాన్ని కొట్టేసి, లెక్క రాయమన్నారు. ఇంట్లో నెలకు వచ్చేది ఎంత, విమానం టికెట్టు ఎంత, మూడు నెలల అద్దె, తిండి ఎంత, అందులో నేను పెట్టుకోగలిగింది ఎంత, మిగిలింది ఎంత. నాలుగు వాక్యాలు. ట్రస్ట్ ఫండ్ ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే కాబట్టి అక్కడ దండాలు పెట్టాల్సిన పని లేదు, లెక్క చూపిస్తే చాలు. అలా రాశాక నాకు కూడా తలవంపుగా అనిపించలేదు.

కాగితాల దగ్గర ఒక తిప్పలు పడ్డాను. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర, ఒడియా పలుకుబడి ప్రకారం వేరే స్పెల్లింగ్‌లో ఉంది. కాలేజీ మార్కుల లిస్టులో పొడి అక్షరం ఒక్కటే. మా వైపు తెలుగువాళ్లలో ఇది చాలా ఇళ్లలో ఉన్న సమస్యే. సరిచేయించడానికి వెళితే ఒక ఆఫీసులో మూడుసార్లు తిప్పారు. గడువు దగ్గరపడేసరికి మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, దాన్ని స్కాన్ చేసి జత చేశాను. ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాశాను. మీలో ఎవరైనా బయటి దేశాలకు దరఖాస్తు పెట్టాలనుకుంటే ఈ పని ఆఖరి ఏడాదికి ముందే చేయించుకోండి.

చివరి ఉత్తరం సరిగ్గా ఒక పేజీ. మొదటి పేరాలో నేనెవరు, ఏ విడతకు అడుగుతున్నాను. రెండో దాంట్లో మావయ్య ప్రశ్న. మూడో దాంట్లో 12 మైళ్లు, జీపీఎస్ సంగతి. నాలుగో దాంట్లో నాకు ఏం వచ్చు: తీర్పులు చదివి సారాంశం రాయగలను, తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు వచ్చు, ఫ్రెంచి రాదు. ఫ్రెంచి రాదని రాయాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాను. ట్రిబ్యునల్ ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింటిలో నడుస్తుంది. రాదని రాసి, ఏ విభాగంలో ఆ లోటు అడ్డురాదో, లైబ్రరీలో కేసుల సమాచారం చూసే పని లాంటిది, అది కూడా రాశాను. అయిదో దాంట్లో డబ్బు లెక్క.

పంపిన రాత్రి మా పేటలో కరెంటు రెండుసార్లు పోయింది. మూడోసారి ఫోన్ నెట్‌తో పంపాను. మావయ్య పక్కనే కూర్చున్నాడు. ఎల్లిపోయిందా అని అడిగి, వెళ్లిపోయిందన్నాక లేచాడు. జవాబు రావడానికి ఇంకా సమయం ఉంది.

నమూనాలో కమూకోతో పాటు గ్రాండ్ ప్రిన్స్ అనే ఓడ కేసు కూడా ఒక పేజీలో రాశాను. ఆ మర్నాడు మావయ్య దాని గురించి అడిగితే చెప్పాను. 2001లో బెలీజ్ అనే దేశం ఆ ఓడ తమదని, విడిపించమని వచ్చింది. కానీ ఓడ తాత్కాలిక నమోదు కాగితం గడువు అప్పటికే తీరిపోయి ఉంది, మిగతా కాగితాలకూ పొంతన కుదరలేదు. జెండా బెలీజ్‌దే అని రుజువు కాలేదు కాబట్టి కేసు వినే అధికారమే తమకు లేదని ట్రిబ్యునల్ చెప్పేసింది. పూచీకత్తు ఎక్కువా తక్కువా అన్నదాకా పోనేలేదు.

మావయ్య విని లోపలికి వెళ్లాడు. ఇప్పుడు ఆయనకు ఇక్కడ ఇద్దరితో కలిసి కొన్న చిన్న మోటారు పడవ ఉంది. దూలానికి వేలాడదీసిన ప్లాస్టిక్ సంచి దించాడు. అందులో ఆయన జాలరి గుర్తింపు కార్డు, పడవ నమోదు కాగితం, డీజిలు రసీదులు ఉన్నాయి. నమోదు కాగితం మడత విప్పి నా చేతికిచ్చి, "దీని గడువు ఎప్పటిదాకా ఉందో సూడు తల్లీ" అన్నాడు. కింద ఒడియాలో ఉన్న తేదీ చదివాను. ఇంకో అయిదు వారాలే ఉంది. సోమవారం ఇద్దరం మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్తున్నాం.